దవడ మీది వెలుగు

ఆ స్టూడియోలో ఫోటో తీసేది బావగారు, కౌంటర్లో కూర్చునేది తోడికోడలు, తీసిన ఫోటోకి టచింగ్ చేసి మనిషిలా తయారుచేసేది మాత్రం ఆవిడే. పదహారేళ్ళుగా కంప్యూటర్ ముందు ఒకే కుర్చీ, ఒకే మూల. వీధిలో అందరూ ఆవిణ్ణి టచింగ్ అక్క అంటారు. వయసులో ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

ఆ రోజు పొద్దున్నే ఆవిడ ఒక పెద్దమనిషికి నల్లకళ్ళద్దాలు పెడుతోంది. ఇంటిల్లిపాదీ దిగిన ఫోటోలో ఆయనొక్కడే కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ అందర్నీ పోగుచేయడం అయ్యే పని కాదు. ‘‘కళ్ళు తెరిపించగలవా, లేకపోతే కళ్ళద్దాలు పెట్టేస్తావా’’ అని ఆయనే అడిగి వెళ్ళాడు. తెరిపించిన కళ్ళకన్నా కళ్ళద్దాలే నయమని ఈవిడకు తోచింది.

తోచడం సులువే, కూర్చోబెట్టడమే కష్టం. ఆయన ముఖం కాస్త పక్కకి తిరిగి ఉంది. అందుకని అవతలి అద్దం ఇవతలిదానికన్నా సన్నగా కనిపించాలి. చెవి మీదకు వెళ్ళే పుల్ల ఒకటే కనిపించాలి. ముక్కు పక్కన అద్దం నీడ చిన్నది పడాలి. అద్దాల అడుగంచులో ఆయన బుగ్గ మసగ్గా మెరవాలి, పైభాగంలో ఎదురుగా ఉన్న కిటికీ కనిపించాలి. ఇందులో ఏది మర్చిపోయినా చిన్నపిల్లలు పత్రికలో బొమ్మకి పెన్నుతో గీసినట్టుంటుంది. అన్నీ కుదిరాక ఆయన నిజంగానే ఎండలోంచి వచ్చి నిలబడినట్టున్నాడు.

‘‘అమ్మయ్య, అతుక్కున్నాయి’’ అని ఆవిడ వెనక్కి వాలేసరికి, వెనకనుంచి ఎవరో ‘‘అతుక్కోలేదమ్మా, పెట్టుకున్నాడు’’ అన్నారు.

తిరిగి చూస్తే ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి, ముక్కులు చూస్తే అక్కచెల్లెళ్ళని తెలిసిపోతోంది. మాట్లాడింది అక్క. చెల్లెలు గోడకున్న ఫోటోలు చూస్తూ నిలబడింది.

అక్క సంచిలోంచి ఒక కవరూ, ఒక చిన్న రేకు డబ్బీ తీసింది. కవర్లో అరచేయంత నలుపు తెలుపు ఫోటో. ఇరవై, ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ముఖం కొంచెం కుడివైపుకి తిరిగి ఉంది, తల ఒక పక్కకి వంచింది. నవ్వు పెదాల దాకా వచ్చి, బయటికి వద్దామా వద్దా అని ఆగినట్టుంది. కనిపించే చెవి బోసిగా ఉంది.

‘‘మా అమ్మ’’ అంది అక్క. ‘‘పోయిన ఏడాది పోయింది. టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు చేసింది. చెవులకి ఆ తగిలించుకునేది ఒత్తుకుంటుందని డ్యూటీలో ఏమీ పెట్టుకునేది కాదు. ఇంటికొచ్చి చెప్పులిప్పగానే ముందు ఇవి పెట్టుకునేది.’’

డబ్బీలో ఒక జత లోలకులు. చిన్న పువ్వులాంటి దుద్దు, దానికింద కదిలే కొక్కెం, చివర గోరంత తెల్లరాయి. రాయికి బోలెడన్ని ముఖాలు.

‘‘ఫోటో పెద్దది చేసి, ఇవి పెట్టివ్వాలి. ఆ కళ్ళద్దాలు కూర్చున్నట్టే కూర్చోవాలి.’’

చెల్లెలు అప్పుడు నోరు విప్పింది. ‘‘అమ్మ ఎలా ఉందో అలా ఉంచితే సరిపోతుందని నేనంటున్నాను. మా అక్క వినదు.’’

‘‘నువ్వూరుకోవే. బోసి చెవులతో గోడకి తగిలిస్తామా?’’

టచింగ్ అక్క ఎప్పటిలాగే ముందే చెప్పేసింది. ‘‘ఒకటే కనిపిస్తుందండీ. ముఖం తిరిగి ఉంది కదా, రెండో చెవి బుగ్గ వెనకాల ఉండిపోయింది. రెండూ కనిపించాలంటే అమ్మగారి మెడ విరిచి ఇటు తిప్పాలి.’’

అక్క నొచ్చుకుంది గానీ చెల్లెలు పకపకా నవ్వింది. ఆ నవ్వుతో అక్క కూడా మెత్తబడింది. నాలుగు రోజుల్లో వస్తామని చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం ఆవిడ లోలకును నల్లగుడ్డ మీద పెట్టి ఫోటో తీసి, కత్తిరించి, రంగు తీసేసి చెవి మీద పెట్టింది. గోడకి మేకు కొట్టి తగిలించినట్టుంది. దుద్దు కెమెరాకేసి చూస్తోంది, చెవేమో పక్కకి చూస్తోంది. పైగా తల వంగినంత మేరా లోలకు కూడా వంగిపోయింది. తల వంచితే చెవి వంగుతుంది, దుద్దు వంగుతుంది. కిందికి వేలాడేది ఎందుకు వంగుతుంది? అది నేలకేసే చూస్తుంది కదా!

‘‘అక్కా, ఓసారి వస్తావా? నీ చెవి కావాలి’’ అని కేకేసింది.

తోడికోడలు కౌంటర్ దగ్గర్నుంచే ‘‘ఇన్నాళ్ళూ నా మాట వినలేదు గానీ, ఇప్పుడు నా చెవి కావాల్సొచ్చిందా?’’ అంటూ వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోటో పక్కన పెట్టుకుని, ఈవిడ ఆమె గడ్డం కొంచెం అటు తిప్పింది, కొంచెం ఇటు వంచింది. ఆ తర్వాత ఫోటోలో అమ్మాయి కళ్ళు బాగా పెద్దవి చేసి చూసింది. రెండు కళ్ళలోనూ ఎడంపక్క పైన తెల్లటి చుక్క ఉంది. అంటే దీపం అక్కడ పెట్టారన్నమాట. పాత స్టూడియోల్లో వాడే పెద్ద దీపం అయ్యుండాలి, నీడల అంచులు గట్టిగా ఉన్నాయి. ఈవిడ కూడా వెలుగుని మెత్తబరిచే గొడుగు, తెర అన్నీ తీసేసి ఒట్టి దీపం ఒకటి అదే ఎత్తులో పెట్టింది.

‘‘ముఖం కాలిపోతోందే’’ అంది తోడికోడలు.

‘‘కదలకు. నవ్వు రాబోయి ఆగినట్టు పెట్టు.’’

‘‘అలాంటి ముఖం నాకు లేదు.’’

పది ఫోటోలు తీసింది. ఈసారి లోలకు చెవికి అంటిపెట్టుకుని ఉంది. దుద్దు చెవి తిరిగిన వైపే తిరిగింది, రాయి నిటారుగా కిందికి వేలాడింది. మెడ మీద దాని నీడ పడింది. దవడ కింద, మామూలుగా చీకటిగా ఉండాల్సిన చోట, బియ్యపు గింజల్లాంటి నాలుగైదు వెలుగు చుక్కలు చెదిరి ఉన్నాయి. పైనుంచి పడిన కాంతిని రాయి ముఖాలు ముక్కలు చేసి తిరిగి చర్మం మీదకి విసిరాయి. తోడికోడలు మింగినప్పుడల్లా చుక్కలు అటూ ఇటూ కదిలాయి. ఈవిడ కెమెరా పక్కన పెట్టి కాసేపు వాటినే చూస్తూ ఉండిపోయింది.

‘‘అయిందా? నా దవడలో ఏముందే అంత?’’

‘‘ఇవి కూడా పెట్టాలి అక్కా. ఇవి లేకపోతే నగ ఒకచోట, మనిషి ఒకచోట ఉన్నట్టుంటుంది.’’

ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలా అని అమ్మాయి దవడ కింది భాగం పెద్దది చేసింది. అక్కడే చెయ్యి ఆగిపోయింది.

అక్కడ అప్పటికే ఒక వెలుగు ఉంది. చుక్కలు కాదు. సన్నగా వంగి, కొడవలిలా ఉన్న ఒకే గీత. మొదట కాగితానికి తేమ తగిలిందేమో అనుకుంది. తేమ మరకకి ఇంత నికరమైన అంచు ఉండదు. ఎవరో గీసిందీ కాదు, చర్మం మీద పడిన కాంతే. సందేహం లేదు. చర్మం మీది సన్నటి నూగు కూడా ఆ మేర వెలిగి కనిపిస్తోంది.

దీపం పైన ఉంది. దవడ కిందికి వెలుగు ఎలా వచ్చింది? మెడ దగ్గర నగ ఏదీ లేదు. రవిక మెడ ముదురు రంగు. చేతులు ఫోటోలో లేవు. మరి కింద నుంచి కాంతి కొట్టింది ఏమిటి?

‘‘అక్కా, నువ్వు పెళ్ళిళ్ళకి పెట్టుకునే రింగులున్నాయి కదా?’’

‘‘ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడు తెమ్మంటావా ఏంటి?’’

తెమ్మంది. తోడికోడలు సణుక్కుంటూనే పైకి వెళ్ళి తెచ్చింది. ఇల్లు స్టూడియో పైనే. గుండ్రటి నున్నటి రింగులు, గాజంత కాదు గానీ రూపాయి నాణెంకన్నా పెద్దవి. పెట్టుకుని అదే స్టూలు మీద, అదే దీపం కింద కూర్చుంది. ఈవిడ కెమెరా కూడా ఎత్తలేదు. కంటితోనే చూసింది. పైనుంచి పడిన కాంతి రింగు అడుగున లోపలి వంపుకి తగిలి, వెనక్కి పైకి మళ్ళి, దవడ కింద కొడవలిలా కూర్చుంది.

అమ్మాయి చెవి తమ్మెని ఇంకా పెద్దది చేసింది. అరే, కుట్టిన రంధ్రం కూడా లేదు. ఇంటికొచ్చి లోలకులు పెట్టుకునే మనిషికి చెవి కుట్టకుండా ఉంటుందా? తమ్మె మీద చర్మం పిండితో మెత్తినట్టు నున్నగా ఉంది. తమ్మె కిందా, మెడ మీదా సన్నటి కామాల్లాంటి గీతలు వందలకొద్దీ. అన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. ఈవిడ నెగటివ్‌ల కాలం చివర్లో పని నేర్చుకుంది. ఆ కామాలు ఏమిటో తెలుసు. నెగటివ్ మీద మొన సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నీడని నింపితే ఇలాగే పడతాయి. మెరిసేది నెగటివ్ మీద నల్లగా పడుతుంది, దాన్ని పోగొట్టాలంటే ఆ నల్లటి చోటును చిన్న కత్తితో మెల్లగా గీకేవారు.

అంటే ఈ ఫోటోలో రింగులున్నాయి. ఎవరో తీసేశారు. తీసేసిన మనిషి రింగుని గీకాడు, మెడ మీది నీడని నింపాడు, చెవి రంధ్రాన్ని కూడా పూడ్చాడు. దవడ కింది వెలుగుని మాత్రం వదిలేశాడు. ఇంత పనిమంతుడికి అది కనపడలేదా?

ఆవిడకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. ఫోటో వెనక్కి తిప్పింది. ఎప్పుడో మూతపడిన స్టూడియో ముద్ర ఉంది. ఆ స్టూడియోలో పనిచేసిన మనిషి ఒకరు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఈవిడకి పెన్సిల్ పట్టడం నేర్పింది ఆయనే.

మాస్టారు రెండు వీధుల అవతల కూతురి దగ్గర ఉంటున్నారు. ఎనభై ఒకటి. కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచీ పేపరులో ముద్రణ తప్పులు వెతకడమే ఆయన పని. ఈవిడ వెళ్ళేసరికి వరండాలో ఎర్ర పెన్నుతో కూర్చుని ఉన్నారు.

‘‘రావే అమ్మాయ్. ఏం చెడగొట్టావ్?’’

‘‘నేను కాదు మాస్టారూ. ఎవరు చెడగొట్టారో కనుక్కుందామని వచ్చాను.’’

ఫోటో, దానితోపాటు పెద్దది చేసి తీసిన తమ్మె కాగితం ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఫోటో చూడలేదు. కాగితం మీది కామాలు చూశారు. భూతద్దం తెప్పించుకుని మళ్ళీ చూశారు. ఎడమచేత్తో గాలిలో ఒక కామా గీసి, దాన్ని కాగితం మీద గీతలతో సరిపోల్చుకున్నారు.

‘‘ఎడమచేతి వాటం. ఆ స్టూడియోలో ఎడమచేతివాణ్ణి నేనొక్కణ్ణే’’ అన్నారు. అప్పుడు ఫోటో అందుకున్నారు. భూతద్దాన్ని ముఖమంతా తిప్పి చూశారు. ‘‘ఎక్స్‌ఛేంజి అమ్మాయి’’ అన్నారు చివరికి.

‘‘మీకు గుర్తుందా!’’

‘‘ఎందుకుండదు? వచ్చినవాళ్ళందరూ అది పెట్టండి, ఇది పెట్టండి అనేవాళ్ళు. తీసేయమన్నది నా సర్వీసులో ఈ అమ్మాయి ఒక్కతే.’’

ఆయన చెప్పింది ఇదీ. స్టూడియోలో అద్దం పక్కన ఒక పెట్టె ఉండేది. కోటు, టై, నల్లకళ్ళద్దాలు, గిల్టు గొలుసులు, రింగులు. ఫోటో దిగేవాళ్ళు ఏది కావాలంటే అది పెట్టుకుని దిగి, మళ్ళీ పెట్టెలో పడేసి పోయేవాళ్ళు. ఈ అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఫోటోగ్రాఫర్ రింగులు చేతికిచ్చి పెట్టుకోమంటే పెట్టుకుంది. మూడోనాడు నమూనా ఫోటో చూసుకోవడానికొచ్చింది. చూసుకుని ముఖం ఎలాగో పెట్టింది.

‘‘‘బాగాలేదా’ అన్నాను. ‘బాగుందండీ, కానీ ఇందులో రింగులే కనిపిస్తున్నాయి, ఇవి నావి కావు. చూసినవాళ్ళంతా ఏవీ నీ రింగులు అని అడిగితే ఏం చెప్పను’ అంది. ‘సరే, తీసేసి మళ్ళీ దిగమ్మా’ అన్నాను. వద్దంది. ‘ఆ క్షణాన మీ ఫోటోగ్రాఫర్ ఏదో తిక్కమాట అంటే నవ్వొచ్చింది, ఆ నవ్వు మళ్ళీ రాదు’ అంది. అదీ నిజమే మరి. నాకు రెండు రోజులు పట్టింది. రింగు ఒకటే కాదు కదా, దాని నీడ, నీడ పక్కన మెరుపు. చెవికున్న రంధ్రం కూడా పోయింది, అక్కడ కత్తి కాస్త జారింది, పూడ్చక తప్పలేదు. అది నా తప్పే.’’

‘‘మరి దవడ కింద?’’

ముసలాయన నవ్వారు. పళ్ళు లేకపోయినా ఆ నవ్వులో గర్వం ఉంది. ‘‘చూశావన్నమాట! ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు. దాని మీద కూడా కత్తి పెట్టబోయాను. ఎందుకైనా మంచిదని ముందు ఆ అమ్మాయికి చూపించాను. రింగు పోయింది గానీ రింగు వెలుగు మిగిలింది, తీసేయనా అని. భూతద్దంలో చూసి ఏమందో తెలుసా? ‘రింగులు మీవి, ఇచ్చేశాను. ఆ వెలుగు నా మీద పడింది కదండీ, అది నాది, ఉండనివ్వండి’ అంది. మర్నాటి నుంచి స్టూడియోకి ఫోన్ కలిపినప్పుడల్లా ‘వెలుగు మాస్టారున్నారా’ అనేది.’’

నాలుగో రోజు అక్కచెల్లెళ్ళు వచ్చారు. టచింగ్ అక్క వాళ్ళని తెర ముందు కూర్చోబెట్టి, తమ్మె మీది కామాలు, దవడ కింది కొడవలి చూపించి, మాస్టారు చెప్పింది ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. అక్క మధ్యలో రెండుసార్లు ‘‘అమ్మే’’ అంది. ‘‘అమ్మే అలా అంటుంది.’’ చెల్లెలు తెరకి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి ఆ వెలుగుని చూసింది.

‘‘అయితే ఏమీ పెట్టకండి’’ అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. ‘‘తను రింగులు తీయించుకున్న చెవులకి మనం పెట్టేదేంటి?’’

‘‘అదేంటి? పెట్టాలి’’ అంది చెల్లెలు.

‘‘నువ్వే కదే వద్దన్నావ్!’’

‘‘అప్పుడు తెలీదు కదా. తనవి కావని తీయించింది. ఇవి తనవే. తనకి నచ్చి, తను ఎంచుకుని, తను కొనుక్కున్నవి. ఇవి ఉంటే తీయించేదా?’’

‘‘తీయించేదో లేదో నీకు చెప్పిందా?’’

‘‘నీకు చెప్పిందా?’’

కౌంటర్ దగ్గర నుంచి తోడికోడలు ‘‘ఇద్దరికీ చెరొకటి చేసివ్వవే, ఇద్దరి ఇళ్ళల్లోనూ గోడలున్నాయిగా’’ అంది. ఇద్దరూ ఆమెకేసి తిరిగి చూశారు. ఆ తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. అంతటితో ఆ తగాదా తెగింది.

అక్కకిచ్చింది ఉన్నదున్నట్టే పెద్దది చేసి, గీతలూ మరకలూ తుడిచిన ఫోటో. కొడవలి వెలుగు జోలికి వెళ్ళలేదు.

చెల్లెలి ఫోటోతోనే మల్లగుల్లాలు పడింది. లోలకు పెట్టాక కొడవలి ఉండకూడదు, ఆ రాయి అలాంటి వెలుగు ఇవ్వదు. తీసేయాలని తెలుసు. చెయ్యి మాత్రం రాలేదు. చివరికి చెల్లెలికి ఫోన్ చేసి అడిగింది.

‘‘ఆ వెలుగు అక్క ఇంట్లో ఉంటుంది కదండీ’’ అంది చెల్లెలు. ‘‘మా ఇంట్లో మా చిన్నప్పటి అమ్మ ఉంటుంది. నేను ఒళ్ళో పడుకుంటే ఆ రాళ్ళ చుక్కలే పైన కదిలేవి. చుక్కలు పెట్టండి.’’

పెట్టింది. దుద్దుని చెవి తిరిగినంతే తిప్పింది, రాయిని నిటారుగా దించింది. మెడ మీద నీడ వేసి, దాని అంచు పాత దీపం నీడంత గట్టిగా ఉంచింది. కొక్కెం లోహంలో పైన జుట్టు నలుపు, కింద మెడ తెలుపు కనిపించేలా చేసింది. తోడికోడలి దవడ మీది చుక్కలను అమ్మాయి దవడ వంపుకి తగ్గట్టు సర్ది, రెండు చుక్కల్ని సగం చీకట్లోకి జరిపింది. వీటన్నిటి మీదా పాత ఫోటోకున్న ఇసుకలాంటి రవ్వ చల్లింది, లేకపోతే కొత్త నగ పాత ముఖం మీద కడిగినట్టు మెరుస్తుంది.

ఇవ్వబోయే ముందు మాస్టారికి చూపిద్దామనిపించింది. కూతురు ఆటోలో ఎక్కించి స్టూడియోకి తీసుకొచ్చింది. ఆయన తెర ముందు కూర్చుని, తప్పు దొరక్కపోతే పరువు పోతుందన్నట్టు వెతికారు.

‘‘తమ్మె’’ అన్నారు. ‘‘అంత రాయి వేలాడుతుంటే తమ్మె అలాగే ఉంటుందా? వెంట్రుకవాసి కిందికి సాగాలి.’’

ఆవిడ నాలిక్కరుచుకుంది. తమ్మెని పట్టుకుని, నిజంగానే వెంట్రుకవాసి, కిందికి లాగింది. అంతే. అప్పటిదాకా అమ్మాయి చెవి మీద ఉన్న లోలకుకి బరువొచ్చింది. వెనక నిలబడిన తోడికోడలు తనకి తెలియకుండానే తన చెవి తడుముకుంది.

మాస్టారు కొక్కెం మీది నలుపు తెలుపుల్ని చూస్తున్నారు. ‘‘ఇందులో మెడ కనిపిస్తోందే. ఇదెలా తెచ్చావ్?’’

‘‘అది ఈజీ మాస్టారూ, ఇక్కడ...’’

‘‘ఉండు, అంత తొందరగా కాదు. కళ్ళజోడు తుడుచుకోనీ.’’ తుడుచుకుని, కుర్చీ తెరకి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. ‘‘ఆఁ, ఇప్పుడు చెప్పు. దుద్దు పెట్టిన దగ్గర్నుంచి చెప్పు.’’

ఆవిడ లోలకు లేని ఫోటో మళ్ళీ తెరిచి, ముందుగా ఆ అమ్మాయి కళ్ళలోని తెల్లచుక్కని చూపించింది.